‘ఎంత అక్కా?’ అన్న ప్రశ్నకు మూడు వాక్యాల జవాబు

కావలిలో ఇంటి ముందు గదిలో మగ్గం వేసుకుని, బ్లౌజులకు వర్క్ చేయించి ఇచ్చే ఒక గృహిణిని ఉదాహరణగా తీసుకుందాం. సాయంత్రం ఏడింటికి ఆవిడ తన పేజీలో ఒక ఫొటో పెట్టారు. నెమలికంఠం రంగు పట్టు జాకెట్ గుడ్డ. మెడ చుట్టూ జర్దోసీ, మోచేతుల దాకా పూసల వరసలు, వెనక మెడ కింద కుందన్లతో ఒక నెమలి. పది నిమిషాలు గడవకముందే కింద ఒక ప్రశ్న వచ్చింది: "ఎంత అక్కా?"

ఈ రెండు మాటలకు ఏం జవాబివ్వాలన్న దగ్గరే ఇంటి వ్యాపారాలు చాలావరకు తడబడుతున్నాయి. ఎక్కువమంది "ఇన్‌బాక్స్ అండీ" అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. కొందరు "చెక్ ఇన్‌బాక్స్ డియర్" అంటారు. ఇంకొందరు ఫోన్ నంబరు పెట్టి "కాల్ చేయండి" అంటారు. ఈ మూడింటిలోనూ అడిగిన మాటకు సమాధానం లేదు. అడిగినావిడ ఒక అంకె కోసం వచ్చింది. ఆ అంకె దక్కకపోగా ఇప్పుడు ఇంకో పని నెత్తిన పడింది.

కొట్టు దగ్గర ఇలా జరగదు. నెల్లూరు చిన్నబజారులోనో, ఒంగోలు ట్రంకు రోడ్డులోనో బట్టల కొట్టు బయట వేలాడే చీర చూసి ఎంత అని అడిగితే, కొట్టతను రేటు చెప్పి, "లోపల ఇంకా రంగులున్నాయి, చూస్తారా" అంటాడు. ముందు ధర, తర్వాత పిలుపు. ధర చెప్పకుండా లోపలికి రమ్మంటే, వెళ్తే కొనకుండా బయటికి రానివ్వరేమో అన్న బెరుకు పుడుతుంది. "ఇన్‌బాక్స్ అండీ" అన్న మాట చదివినప్పుడు కలిగేది సరిగ్గా ఆ బెరుకే. మెసేజ్ పెడితే రోజూ పలకరిస్తారేమో, వద్దంటే ఏమనుకుంటారో అన్న మొహమాటం. చిన్న ఊళ్లలో ఇది ఇంకా ఎక్కువ. అమ్మే ఆవిడ తోడికోడలికి స్నేహితురాలో, పిల్లవాడి స్కూల్లో ఇంకో పిల్ల తల్లో అయి ఉంటుంది. రేపు ఎదురుపడాల్సిన మనిషికి వద్దని చెప్పడం కంటే అసలు మెసేజ్ పెట్టకపోవడమే సులువనిపిస్తుంది.

పైగా ఆ ప్రశ్న అడిగింది ఒకరే అయినా జవాబు కోసం చూసేవాళ్లు చాలామంది ఉంటారు. పైకి అడగడానికి సిగ్గుపడేవాళ్లు, "ఇంత వర్కా, మనవల్ల కాదులే" అని ముందే అనుకునేవాళ్లు, ఇంకెవరైనా అడిగితే బాగుండని ఎదురుచూస్తారు. వాళ్లకు కనిపించేది "ఇన్‌బాక్స్" అన్న ఒక్క మాటే అయితే, మనిషిని బట్టి రేటు చెప్తారేమో అన్న అనుమానం మొదలవుతుంది. అమ్మే ఆవిడ అందరికీ ఒకటే రేటు చెప్తున్నా ఆ సంగతి వాళ్లకు తెలిసే దారి లేదు.

ధర దాచే వాళ్లకూ కారణాలున్నాయి. పక్క వీధిలో ఇదే పని చేసేవాళ్లు రేటు చూసి వంద తగ్గించి చెప్తారన్న భయం ఒకటి. పెద్ద అంకె చూసి అందరూ వెనక్కి పోతారన్న భయం ఇంకొకటి. మొదటి భయానికి ఆధారం తక్కువ. రేటు తెలుసుకోవాలనుకున్న పోటీదారు చుట్టాలమ్మాయి చేత మెసేజ్ పెట్టించి అయినా తెలుసుకుంటారు. దాచడం వల్ల రేటు తెలియకుండా పోయేది కొనాలనుకున్నవాళ్లకే. రెండో భయంలో కొంత నిజముంది. 5,500 అన్న అంకె ఒంటరిగా కనిపిస్తే కొందరు ఆగిపోతారు. దానికి మందు ఆ అంకె పక్కన ఇంకో అంకె పెట్టడం.

మూడో కారణం ఇంకొకటి ఉంది, అది నిజమైనది. మగ్గం వర్క్‌కు ఒక్క ధర ఉండదు. ధర ఎందుకు మారుతుందో అర్థమైతేనే జవాబులో ఏం రాయాలో తేలుతుంది కాబట్టి, ఫొటోలో ఉన్న బ్లౌజు లెక్క ఒకసారి విడదీసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. ఊరిని బట్టి, పనివాళ్ల చేతిని బట్టి ఇవి మారతాయి.

ఆ బ్లౌజు మీద ఒక మనిషి ఐదు రోజులు కూర్చున్నారు. రోజుకు 700 చొప్పున కూలి 3,500. జర్దోసీ, పూసలు, కుందన్లు, దారం కలిపి 900. లైనింగ్, కుట్టుకూలి 600. మొత్తం 5,000. డిజైన్ గీసి, గుడ్డ మీద అచ్చు వేయించి, పని దగ్గరుండి చూసుకున్నందుకు ఆవిడ వేసుకున్నది 500. ధర 5,500. ఇప్పుడు వెనక నెమలి తీసేస్తే పని మూడు రోజుల్లో అయిపోతుంది. కూలి 2,100, సామాను 600, కుట్టు 600, ఆవిడకు 400, వెరసి 3,700. మెడకూ చేతి అంచులకూ మాత్రం ఒక వరస చాలనుకుంటే ఒకటిన్నర రోజు పని. కూలి 1,050, సామాను 350, కుట్టు 600, ఆవిడకు 300, కలిపి 2,300.

అంటే ధరను నడిపేది గుడ్డా కాదు, పూసలూ కాదు, రోజులు. వెనక నెమలి ఒక్కటే రెండు రోజుల పని తింటోంది. ఈ సంగతి తెలిసినావిడ "డిజైన్‌ని బట్టి ఉంటుంది" అన్న ఉత్త మాటతో సరిపెట్టుకోనక్కర్లేదు. ఎక్కడ తగ్గుతుందో, ఎంత తగ్గుతుందో చెప్పగలదు. ఆ లెక్కంతా కింద రాయనవసరం లేదు గానీ, లెక్క తెలిసిన మనిషి జవాబు వేరుగా ఉంటుంది. అది ఇలా ఉండొచ్చు:

"ఫొటోలోది 5,500 అండీ, కుట్టు, లైనింగ్‌తో కలిపి, గుడ్డ మాత్రం మీరు ఇవ్వాలి. వెనక నెమలి లేకుండా ఇదే వర్క్ 3,700 అవుతుంది. మీ చీర ఫొటో మెసేజ్‌లో పంపితే దానికి ఏది నప్పుతుందో చూసి చెప్తాను."

మొదటి వాక్యం ఫొటోలో ఉన్న వస్తువు ధరే చెప్పింది. ఇది చాలా ముఖ్యం. "2,300 నుంచి ఉన్నాయండీ" అని మొదలుపెట్టడం చాలామందికి అలవాటు. అబద్ధం కాకపోయినా, నెమలి ఉన్న ఫొటో కింద ఆ అంకె పెడితే చదివినావిడ నెమలి బ్లౌజు 2,300 అనుకుంటుంది. మెసేజ్‌లో 5,500 అని విన్నాక మోసపోయినట్టే అనిపిస్తుంది, మిగతా మాటలు ఇక చెవికెక్కవు. ‘నుంచి’ అన్న మాట వాడొచ్చు, ముందు ఫొటోలో ఉన్నదాని ధర చెప్పాక. ధరలో ఏమేం కలిసి ఉన్నాయో కూడా ఇక్కడే తేలాలి. గుడ్డ ఎవరిది, కుట్టుకూలి కలిసిందా లేదా అన్న రెండు విషయాల దగ్గరే తర్వాత గొడవలు వస్తాయి. ఐదు మాటలు ఎక్కువైనా ఫర్వాలేదు, ఇవి ఉండాలి.

రెండో వాక్యం పెద్ద అంకె పక్కన నిలబెట్టిన చిన్న అంకె. అందులో తగ్గింపు లేదు, పని తగ్గింది, దానితో పాటు ధర తగ్గింది. ఈ ఒక్క వాక్యం "కొంచెం తగ్గించండి అక్కా" అన్న తర్వాతి ప్రశ్నకు ముందే దారి చూపిస్తుంది. బేరం డబ్బు మీద నుంచి పని మీదకు మారుతుంది. మెడ చాలా, చేతులు కావాలా, నెమలి కావాలా అని మాట్లాడుకోవచ్చు. 5,500 చెప్పి అడగ్గానే 4,800కి దిగితే మాత్రం అంతకుముందు 5,500 ఇచ్చి చేయించుకున్నావిడ ఆ మాట చదువుతుంది.

మూడో వాక్యమే మెసేజ్‌కు పిలుపు. ఇక్కడ తెలుగు క్రియ చేసే పని గమనించాలి. "మెసేజ్ చేయండి" అంటే ఆజ్ఞ. మర్యాదగానే ఉంటుంది, అయినా పని ఎదుటివాళ్ల మీద పడుతుంది. "కావాలంటే మెసేజ్ చేయండి" అంటే ఒత్తిడి తగ్గుతుందని కొందరు అనుకుంటారు. కానీ అక్షరాల్లో గొంతు వినపడదు కాబట్టి, ‘కావాలంటే’ అన్న మాట ‘కావాలంటే తీసుకో, లేకపోతే లేదు’ అన్న విసురుగా చదువుకునే ప్రమాదముంది. "పంపితే చూసి చెప్తాను" అన్నప్పుడు సంగతి వేరు. వాక్యం చివర ఉన్న క్రియ అమ్మే ఆవిడది. పని చేస్తానంటున్నది తను. పంపడం, పంపకపోవడం అవతలి వాళ్ల ఇష్టానికి వదిలేసింది. ‘తే’ అన్న ఒక్క ప్రత్యయం తలుపు తీసి పెడుతుంది, చెయ్యి పట్టుకు లాగదు.

అంతకంటే పెద్ద విషయం, ఆ పిలుపుకు ఒక కారణం ఉంది. చీర ఫొటో చూడాలి. రంగు చూడకుండా పూసల రంగు చెప్పలేరు, అంచు ఎంత వెడల్పో తెలియకుండా చేతుల మీద ఎంత వర్క్ పెట్టాలో చెప్పలేరు. తర్వాత కొలతలు కావాలి, పెళ్లి తేదీ కావాలి, ఇంటి అడ్రసు కావాలి. ఇవేవీ పదిమంది చూసేచోట రాసేవి కావు. ఏ ఆడపిల్లా తన బ్లౌజు కొలతలు ఊరంతా చదివే చోట పెట్టదు, పెట్టమని అడగకూడదు కూడా. కాబట్టి పంపకం చాలా స్పష్టంగా ఉంది. ధర అందరిది, అది బయట ఉండాలి. కొలతలు, తేదీలు, అడ్రసు, డబ్బు పంపే వివరాలు ఆ ఒక్కరివి, అవి లోపల ఉండాలి. చాలా పేజీల్లో ఇది తలకిందులైంది. ధర లోపలికి పోయింది, "మీ సైజు ఎంత? మీ బడ్జెట్ ఎంత?" అన్న ప్రశ్నలు బయటికొచ్చాయి. బడ్జెట్ ఎంత అని నలుగురిలో అడిగితే తక్కువ చెప్పడానికి నామోషీ, ఎక్కువ చెప్పడానికి భయం. జవాబు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పిలిచే వరస గురించి ఒక మాట. అడిగినావిడ "అక్కా" అంది కాబట్టి తిరిగి "అక్కా" అనాల్సిన పని లేదు. అవతల ఉన్నది ఇరవై ఏళ్ల అమ్మాయో అరవై ఏళ్ల పెద్దావిడో ఫొటో చూసి చెప్పలేం. పెళ్లాం కోసం అడిగే మగవాళ్లూ ఉంటారు. ‘అండీ’ అందరికీ సరిపోతుంది. తెలిసిన మనిషైతే మన వైపు మామూలుగా అనే ‘అమ్మా’ ఎంతో ఆప్యాయంగా ఉంటుంది. ‘డియర్’ మాత్రం ఏ వరసకూ చెందదు. ముక్కూముఖం తెలియని వాళ్లు అలా పిలిస్తే చాలామందికి ఇబ్బందిగానే ఉంటుంది.

ఇక మెసేజ్ ఎవరు ముందు పంపాలన్నది. "మీకు ఇన్‌బాక్స్ చేశాను, చూడండి" అని అమ్మేవాళ్లే పంపడం చురుకుదనంగా కనిపిస్తుంది. ఆచరణలో చాలాసార్లు అది చేరదు. ఫేస్‌బుక్‌లో గానీ ఇన్‌స్టాగ్రామ్‌లో గానీ, పరిచయం లేని వాళ్ల నుంచి వచ్చిన మెసేజ్ మామూలుగా మిగతా వాటితో పాటు కనిపించకుండా మెసేజ్ రిక్వెస్టులు అన్న వేరే అరలోకి పోతుంది. ఆ అర తెరిచి చూసే అలవాటు చాలామందికి లేదు. ఇవతల "చూసి కూడా పలకలేదు" అనుకుంటారు, అవతల "ధర చెప్పనే లేదు" అనుకుంటారు. ధర బయటే చెప్పేసి, మెసేజ్‌ను అడిగినావిడ చేతికి వదిలేస్తే ఈ చిక్కు సగం తీరుతుంది. మిగతా సగం అమ్మేవాళ్ల చేతిలో ఉంది. కొత్తవాళ్ల మెసేజ్ తమ దగ్గర కూడా ఆ అరలోనే పడి ఉండొచ్చు కాబట్టి, రోజుకు రెండుసార్లు అయినా అది తెరిచి చూడాలి. పిలిచి పలకకపోవడం కంటే పిలవకపోవడమే మేలు.

ఫోన్ నంబరు బయట పెట్టడం గురించి కూడా ఇక్కడే అనుకోవాలి. ఇంట్లో నుంచి పనిచేసే ఆడవాళ్లకు ఇది మామూలు నంబరు కాదు, పిల్లల స్కూలు వాళ్లు, ఇంటివాళ్లు చేసే నంబరు కూడా అదే. ఒకసారి పోస్టు కింద పెట్టాక అది ఎవరి చేతికైనా పోతుంది. అర్ధరాత్రి ఫోన్లు, పనికిమాలిన మెసేజ్‌లు వచ్చి నంబరే మార్చుకోవాల్సి వస్తుంది. వ్యాపారానికి వేరే సిమ్ ఉంటే మంచిది. లేకపోతే మెసేజ్‌లో మాట కలిసి, పని ఖాయమయ్యాక నంబరు ఇస్తే చాలు. ఇంకో ప్రమాదమూ ఉంది. ధర అడిగిన వాళ్లను వెతుక్కుంటూ, అదే పేరు, అదే ఫొటో పెట్టుకున్న దొంగ పేజీలు ముందే మెసేజ్ పెట్టి అడ్వాన్సు అడుగుతాయి. అందుకే అమ్మే ఆవిడ ముందు మెసేజ్ పంపే అలవాటు లేకపోవడం కొనేవాళ్లకూ ఒక రక్షణ. "మా నుంచి ముందుగా మెసేజ్ రాదు, మీరు పంపాకే జవాబిస్తాం" అని పేజీ వివరాల్లో రాసి పెట్టుకోవచ్చు.

మెసేజ్ వచ్చాక చేయాల్సిన మొదటి పని, బయట చెప్పిన ధరనే మళ్లీ చెప్పడం. "నెమలితో 5,500, నెమలి లేకుండా 3,700 అన్నాను కదండీ, మీ చీరకి అంచు పెద్దది కాబట్టి చేతుల మీద వర్క్ తగ్గించినా బాగుంటుంది" అంటే నమ్మకం ఒక్కసారిగా పెరుగుతుంది. ధర పెరిగే కారణం ఉంటే అదీ ఆ మెసేజ్‌లోనే, ఎన్ని రోజుల పని పెరిగిందో చెప్పి మరీ చెప్పాలి. శ్రావణమాసంలో, పెళ్లిళ్ల రోజుల్లో పనివాళ్లు దొరక్క కూలి పెరిగితే "ఈ నెల రేటు" అన్న రెండు మాటలు బయట జవాబులోనే చేర్చుకోవడం మంచిది. పాత పోస్టు కింద ఆరు నెలల కిందటి అంకె చూసి వచ్చినావిడతో అప్పుడు వాదించాల్సిన పని ఉండదు.

మెసేజ్ రాకపోతే? ఏమీ చేయకూడదు. "ఏం డిసైడ్ అయ్యారు అండీ?" అని మర్నాడు కింద మళ్లీ రాస్తే, ధర విని వెనక్కి తగ్గిన సంగతి నలుగురికీ చాటినట్టే అవుతుంది. ఆవిడ ఇంకెప్పుడూ ఆ పేజీలో ఏదీ అడగదు. జవాబుకు ఒక లైక్ కొట్టి వెళ్లిపోయిందంటే ధర తెలిసింది, సరేనన్నట్టు. ఈ నెల కాకపోతే వచ్చే శ్రావణానికి రావచ్చు. నిజంగా అడగాల్సిన సందర్భం ఒకటే, ఆవిడే మెసేజ్‌లో చీర ఫొటో పంపి, తేదీ చెప్పి, తర్వాత ఆగిపోయినప్పుడు. తేదీకి పది రోజుల ముందు "ఇంకో మూడు రోజుల్లో మొదలుపెడితే తేదీకి అందుతుందండీ" అని ఒకసారి చెప్పొచ్చు. అది ఆవిడకు పనికొచ్చే కబురు. రెండోసారి వద్దు.

జవాబు సరిగా పనిచేస్తోందో లేదో కనిపెట్టడానికి పెద్ద లెక్కలేవీ అక్కర్లేదు. అదే పోస్టు కింద ఇంకో ఇద్దరు ముగ్గురు మళ్లీ "ఎంత?" అని అడుగుతున్నారంటే ధర వాళ్ల కంటపడటం లేదు. ఆ జవాబును పిన్ చేసి పైన ఉంచడమో, ఫొటో కింద రాసే మాటల్లోనే ధర చేర్చడమో చేయాలి. వచ్చిన మెసేజ్‌లు ఏ మాటతో మొదలవుతున్నాయో కూడా చూడాలి. ఇంకా "రేటెంత" అనే మొదలవుతుంటే బయట చెప్పింది అర్థం కాలేదన్నమాట. "మా చీర ఇది, నెమలి లేకుండా చేస్తారా" అని మొదలవుతుంటే మూడు వాక్యాలూ చేరాల్సిన చోటికి చేరాయి. మెసేజ్‌ల సంఖ్య మునుపటి కంటే తగ్గినా కంగారు పడక్కర్లేదు. ధర తెలుసుకోవడానికి మాత్రమే వచ్చేవాళ్లు బయటే తెలుసుకుని వెళ్లిపోతున్నారు, రాత్రి పది దాకా ఫోన్ పట్టుకుని అదే అంకె ఇరవైమందికి కొట్టే పని తప్పింది.

ఇదంతా అడిగిన పనిని బట్టి ధర నిజంగా మారే వాటికి. రొయ్యల పచ్చడో, కందిపొడో, అరిసెలో అమ్మేవాళ్లకు మూడో వాక్యమే అవసరం లేదు. "అరకిలో ఇంత, నెల్లూరులో ఇంటికి తెచ్చిస్తాం, బయటి ఊళ్లకు కొరియర్ చార్జీ ఇంత" అని చెప్పేస్తే సరిపోతుంది. అక్కడ మెసేజ్‌కు పిలవడానికి కారణం లేదు, కారణం లేని పిలుపు ఎంత మెత్తగా రాసినా నెట్టినట్టే ఉంటుంది. పెళ్లికూతురి బ్లౌజు లాంటివి ఇంకో కొస. నాలుగు వేళ్ల వెడల్పు వర్క్ అడిగేవాళ్లుంటారు, వీపంతా నింపమనేవాళ్లుంటారు. అక్కడ ఫొటోలో ఉన్నదాని ధర, అది ఎన్ని రోజుల పనో, ఆ రెండూ చెప్పి ఊరుకోవడం మంచిది. "ఇది పన్నెండు రోజుల పనండీ, 11,000 అయింది, కుట్టుతో కలిపి" అంటే, తనకు కావాల్సింది దీనికంటే ఎక్కువో తక్కువో చదివినావిడే లెక్క వేసుకుని, చీర ఫొటో తీసుకుని వస్తుంది.